గళ్ళన్నీ మార్చినా పట్టిక మారలేదేం? చతురస్ర మాత్రిక ట్రాన్స్‌పోజ్‌లో ఒక చిక్కు

(కంప్యూటర్ పీరియడ్‌లో పైథాన్ రాస్తున్న పెద్ద తరగతుల విద్యార్థుల కోసం. ఇంట్లో పక్కన కూర్చుని చూసే తల్లిదండ్రులకు కూడా అర్థమయ్యేలా రాశాం. కంప్యూటర్ లేకపోయినా ఫర్వాలేదు, ఒక కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకుని చదవండి.)

మాత్రికను ట్రాన్స్‌పోజ్ చేసే ప్రోగ్రాం మొదటిసారి రాసినప్పుడు చాలామంది పిల్లలకు ఒక వింత ఎదురవుతుంది. ప్రోగ్రాం ఆగకుండా నడుస్తుంది. ఎర్రక్షరాల్లో తప్పు చూపించదు. ప్రతి గడినీ మార్చమని మనం చెప్పాం, అది కూడా మార్చింది. తీరా ఫలితం చూస్తే, మొదట ఇచ్చిన పట్టికే మళ్ళీ కనిపిస్తుంది. ఒక్క అంకె కూడా కదలనట్టు ఉంటుంది.

"కంప్యూటర్ నా మాట వినలేదు" అనిపిస్తుంది. నిజానికి అది మాట విన్నది, ఒకసారి కాదు, రెండుసార్లు విన్నది. చిక్కంతా అక్కడే ఉంది. అదెలాగో ఒక కబడ్డీ లెక్కతో చూద్దాం.

పట్టికను తిప్పడం అంటే ఏమిటి

8వ, 9వ, 10వ తరగతుల జట్లు ఒకదానితో ఒకటి కబడ్డీ ఆడాయనుకుందాం. మొత్తం మూడు ఆటలు. 8వ తరగతి 9వ తరగతిని 31–24తో గెలిచింది. 9వ తరగతి 10వ తరగతిని 29–27తో గెలిచింది. 10వ తరగతి 8వ తరగతిని 35–18తో గెలిచింది. అంటే ప్రతి జట్టూ ఒకటి గెలిచింది, ఒకటి ఓడింది. ఫైనల్‌కు మాత్రం రెండు జట్లే వెళ్ళాలి. ఇలాంటప్పుడు సాధించిన పాయింట్లలోంచి ఎదుటివాళ్ళకు ఇచ్చిన పాయింట్లు తీసేసి, ఆ తేడా ఎవరికి ఎక్కువ ఉందో చూస్తారు.

ఈ లెక్కను పట్టికగా రాద్దాం. అడ్డు వరుసలు వరుసగా 8, 9, 10 తరగతులవి. నిలువు వరుసలూ అంతే. ఒక గడిలో ఉన్న అంకె, అడ్డు వరుస జట్టు నిలువు వరుస జట్టు మీద సాధించిన పాయింట్లు. ఏ జట్టూ తనతో తాను ఆడదు కాబట్టి ఆ గళ్ళలో 0 ఉంటుంది.

```
 0  31  18
24   0  29
35  27   0
```

మొదటి అడ్డు వరుస చదవండి. 8వ తరగతి 9వ తరగతి మీద 31, 10వ తరగతి మీద 18 పాయింట్లు తెచ్చింది, మొత్తం 49. అదే పట్టికలో మొదటి నిలువు వరుస చదివితే, 8వ తరగతి మీద మిగతావాళ్ళు సాధించినవి తెలుస్తాయి: 24, 35, మొత్తం 59. అంటే అడ్డంగా చదివితే "సాధించినవి", నిలువుగా చదివితే "ఇచ్చినవి".

ట్రాన్స్‌పోజ్ అంటే అడ్డు వరుసలను నిలువు వరుసలుగా మార్చడం. ఈ పట్టికను అలా తిప్పితే ఇలా వస్తుంది:

```
 0  24  35
31   0  27
18  29   0
```

ఇప్పుడు మొదటి అడ్డు వరుసలోనే 8వ తరగతి ఇచ్చిన పాయింట్లు వచ్చేశాయి. పై నుంచి కింది కుడి మూలకు ఏటవాలుగా ఉన్న మూడు 0లు మాత్రం కదలలేదు. ఆ ఏటవాలు గీతను ప్రధాన వికర్ణం అంటారు. దానికి పైనున్న ప్రతి అంకె, అద్దంలో చూసినట్టు, సరిగ్గా దాని కిందనున్న గడిలోకి వెళ్ళింది. కిందున్నది పైకి వచ్చింది.

అడ్డు వరుసలు ఎన్నో నిలువు వరుసలు కూడా అన్నే ఉన్న మాత్రికను చతురస్ర మాత్రిక అంటారు. మన పట్టిక 3 అడ్డు, 3 నిలువు, కాబట్టి చతురస్రమే. ఇంకో కొత్త పట్టిక గీయకుండా, ఉన్న పట్టికలోనే అంకెలను అటూ ఇటూ మార్చి ట్రాన్స్‌పోజ్ చేయవచ్చు. చిక్కు వచ్చేది ఈ "ఉన్నచోటే మార్చడం"లోనే.

ప్రోగ్రాం ఏమంటుంది

పిల్లలు మామూలుగా రాసేది ఇది:

```
n = 3
for i in range(n):
    for j in range(n):
        A[i][j], A[j][i] = A[j][i], A[i][j]
```

పైథాన్ 0 నుంచి లెక్కపెడుతుంది. కాబట్టి `A[0][1]` అంటే మొదటి అడ్డు వరుసలో రెండో గడి, మన పట్టికలో 31. `A[1][0]` అంటే రెండో అడ్డు వరుసలో మొదటి గడి, అంటే 24. చివరి లైను ఈ రెండు గళ్ళలోని అంకెలను ఒకదాని చోట ఒకటి పెడుతుంది. దీన్ని మనం మార్పిడి అందాం. పైథాన్ ముందు కుడివైపు ఉన్న రెండు విలువలనూ చదివి పెట్టుకుని, తర్వాతే ఎడమవైపు రాస్తుంది. అందుకే ఏ అంకే పోదు. ఈ లైనులో తప్పేమీ లేదని ముందే గుర్తు పెట్టుకోండి.

పై రెండు `for` లైన్లు i, j లకు 0, 1, 2 విలువలన్నీ ఇస్తాయి. 3 సార్లు 3, మొత్తం 9 గళ్ళ దగ్గరా ఆగుతుంది. ఒక్కో అడుగూ కాగితం మీద వేసి చూద్దాం.

మొదట (0,0). ఈ గడికి జత ఇదే గడి, తనతో తాను మారింది, అంటే ఏమీ జరగలేదు. తర్వాత (0,1): 31, 24 మారాయి. తర్వాత (0,2): 18, 35 మారాయి. మొదటి అడ్డు వరుస అయిపోయింది. ఇప్పుడు పట్టిక ఇలా ఉంది:

```
 0  24  35
31   0  29
18  27   0
```

ఇంతవరకూ బాగుంది. మొదటి అడ్డు వరుస, మొదటి నిలువు వరుస రెండూ మనకు కావలసినట్టే వచ్చాయి. మిగిలింది 29, 27 జత ఒక్కటే. ఇక్కడ ఆగి 29నీ 27నీ మార్చేస్తే పని పూర్తయ్యేది.

కానీ ప్రోగ్రాం రెండో అడ్డు వరుసకు వచ్చి, మొదటి గడి నుంచి మొదలుపెడుతుంది. (1,0) దగ్గర ఇప్పుడు 31 ఉంది. దాని జత (0,1), అక్కడ 24 ఉంది. రెండింటినీ మార్చమని లైను చెబుతోంది, మార్చేసింది:

```
 0  31  35
24   0  29
18  27   0
```

చూశారా, 31, 24 తిరిగి పాత చోటికి వచ్చేశాయి. రెండో అడుగులో చేసిన పనిని నాలుగో అడుగు వెనక్కి తీసేసింది.

తర్వాత (1,1), తనతో తాను, ఏమీ లేదు. (1,2): 29, 27 మారాయి. అంటే ఆ జత ఒకసారి సరిగ్గా మారింది. మూడో అడ్డు వరుసలో (2,0): 18, 35 మళ్ళీ మారి పాత చోటికి వెళ్ళాయి. (2,1): 27, 29 మళ్ళీ మారి పాత చోటికి వెళ్ళాయి. (2,2): ఏమీ లేదు. తొమ్మిది అడుగులూ అయ్యాక పట్టిక:

```
 0  31  18
24   0  29
35  27   0
```

మొదట ఇచ్చిందే. ఇంకో విషయం గమనించండి. ఈ తొమ్మిది అడుగుల్లో ఏ ఒక్క క్షణంలోనూ మూడు జతలూ ఒకేసారి మారి లేవు. 29, 27 మారేసరికే 31, 24 వెనక్కి వెళ్ళిపోయాయి. కాబట్టి "మధ్యలో ఎక్కడో ఆపేస్తే సరిపోతుంది" అనుకోవడానికి కూడా లేదు.

కారణం: ప్రతి జతా రెండుసార్లు వస్తుంది

దీన్ని బెంచీలతో కూడా చూపించవచ్చు. తరగతిలో ప్రతి బెంచీకీ ఒక జత బెంచీ ఉందనుకోండి. 1వ బెంచీకి జత 4వది, 4వ బెంచీకి జత 1వది. మాస్టారు బెంచీ నంబర్లు వరుసగా పిలుస్తూ, "ఈ బెంచీలో కూర్చున్నవాళ్ళు జత బెంచీలో ఉన్నవాళ్ళతో చోటు మార్చుకోండి" అంటారు. 1 అని పిలిచినప్పుడు ఆ ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. కాసేపటికి 4 అని పిలుస్తారు. మళ్ళీ అదే ఇద్దరు లేచి చోట్లు మార్చుకుంటారు. ఎవరి పాత బెంచీలోకి వాళ్ళు వచ్చేస్తారు. మాస్టారు చెప్పిన మాట ఎవరూ తప్పలేదు. ఆయన అన్ని నంబర్లూ పిలవడమే పనిని చెడగొట్టింది.

పట్టికలోనూ ఇదే. వికర్ణం మీద లేని ఏ రెండు జత గళ్ళను తీసుకున్నా, ప్రోగ్రాం వాటి దగ్గరికి రెండుసార్లు వస్తుంది: ఒకసారి పై గడి పేరుతో (i, j), ఇంకోసారి కింది గడి పేరుతో (j, i). పేర్లు వేరైనా జరిగేది అదే రెండు గళ్ళ మధ్య మార్పిడి. ఒక మార్పిడిని రెండుసార్లు చేస్తే ఏమీ చేయనట్టే.

లెక్క కూడా సరిపోతుంది. 3×3 పట్టికలో 9 గళ్ళు. వాటిలో 3 వికర్ణం మీద ఉన్నవి, వాటికి కదలిక లేదు. మిగిలినవి 6. ఆరు గళ్ళంటే మూడు జతలు, ఒక్కో జత రెండుసార్లు. ఏ n కైనా ఇంతే: మొత్తం n² గళ్ళు, వికర్ణం మీద n, మిగిలినవి n(n − 1), అందులో జతలు n(n − 1)/2. ఏ జతా ఒక్కసారితో ఆగదు, మూడోసారీ రాదు. సరిగ్గా రెండుసార్లు. అందుకే పట్టిక సగం చెడిపోయి కాకుండా, పూర్తిగా మొదటిలాగే వస్తుంది.

"మధ్యలో వేరే జతలు కూడా మారుతున్నాయి కదా, అవి అడ్డం పడవా?" అని ఒక మంచి ప్రశ్న రావచ్చు. పడవు. 31, 24 ఉన్న గళ్ళను ముట్టుకునేది ఆ జత మార్పిడి ఒక్కటే. 18, 35 జతకు గానీ 29, 27 జతకు గానీ ఆ గళ్ళతో సంబంధం లేదు. ఏ గడీ రెండు జతల్లో ఉండదు. కాబట్టి ఒక జత మొదటి మార్పిడికీ రెండో మార్పిడికీ మధ్య ఎన్ని వేరే మార్పిడులు జరిగినా, ఆ రెండు గళ్ళూ కదలకుండా ఎదురుచూస్తూ ఉంటాయి. గళ్ళను వరుసలో కాకుండా చిందరవందరగా పిలిచినా, ప్రతి గడినీ ఒక్కసారి పిలిచినంత కాలం, చివరికి పాత పట్టికే వస్తుంది.

పుస్తకంలో ఉన్న సూత్రమే ఇది

మాత్రికల పాఠంలో (Aᵀ)ᵀ = A అని ఉంటుంది. ఒక మాత్రికను ట్రాన్స్‌పోజ్ చేసి, వచ్చినదాన్ని మళ్ళీ ట్రాన్స్‌పోజ్ చేస్తే మొదటి మాత్రిక వస్తుందని దాని అర్థం. మన ప్రోగ్రాం తెలియకుండా చేసింది సరిగ్గా ఇదే.

ఎలాగంటే, జతలు ఒకదానికొకటి అడ్డం పడవని చూశాం కదా. కాబట్టి ఫలితం మారకుండా తొమ్మిది అడుగుల వరుసను మనకు నచ్చినట్టు సర్దుకోవచ్చు. వికర్ణం పైనున్న గళ్ళ అడుగులను ముందు వేద్దాం: (0,1), (0,2), (1,2). ఈ మూడూ అయ్యేసరికి పట్టిక పూర్తిగా ట్రాన్స్‌పోజ్ అయిపోతుంది. తర్వాత కింది గళ్ళ అడుగులు: (1,0), (2,0), (2,1). ఇవి అవే మూడు జతలను మళ్ళీ మారుస్తాయి, అంటే రెండోసారి ట్రాన్స్‌పోజ్. రెండు ట్రాన్స్‌పోజులు కలిస్తే A దగ్గరికే వస్తాం. ప్రోగ్రాం ఈ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా కలగలిపి చేసింది, అందుకే కంటికి కనిపించలేదు.

సరిచేయడం

ప్రతి గడి దగ్గరా కాదు, ప్రతి జత దగ్గరా ఒక్కసారే ఆగాలి. వికర్ణం పైనున్న గళ్ళకు మాత్రమే వెళ్తే చాలు. ఆ గళ్ళలో j ఎప్పుడూ i కంటే పెద్దది. కాబట్టి j ని 0 నుంచి కాకుండా i + 1 నుంచి మొదలుపెడతాం:

```
for i in range(n):
    for j in range(i + 1, n):
        A[i][j], A[j][i] = A[j][i], A[i][j]
```

మారింది రెండో లైను ఒక్కటే. i = 0 అయినప్పుడు j = 1, 2. i = 1 అయినప్పుడు j = 2. i = 2 అయినప్పుడు j కి విలువే లేదు. మొత్తం మూడు మార్పిడులు, ఒక్కో జతకు ఒకటి. కింది గళ్ళతో చేయాలనుకుంటే `range(i)` అని రాయవచ్చు, ఫలితం ఒకటే. పైవైపు గానీ కిందివైపు గానీ, ఏదో ఒక్కవైపు తిరగాలి.

ఇప్పుడు కబడ్డీ లెక్క పూర్తి చేద్దాం. ముందు పాత పట్టికలో అడ్డు వరుసలు కూడి పెట్టుకోవాలి: 8వ తరగతి 49, 9వ తరగతి 53, 10వ తరగతి 62. తర్వాత ట్రాన్స్‌పోజ్ చేసి, మళ్ళీ అడ్డు వరుసలు కూడితే ఇచ్చిన పాయింట్లు: 59, 58, 47. తేడాలు: 8వ తరగతికి −10, 9వ తరగతికి −5, 10వ తరగతికి +15. ఫైనల్‌కు 10వ, 9వ తరగతులు వెళ్ళాలి.

తప్పు ప్రోగ్రాంతో అయితే? ట్రాన్స్‌పోజ్ అనుకున్నది పాత పట్టికే కాబట్టి రెండోసారి కూడినా 49, 53, 62 వస్తాయి. మూడు తేడాలూ 0. "అందరూ సమానమే, చీటీ తీద్దాం" అంటారు. చీటీలో 8వ తరగతి పేరు వస్తే, న్యాయంగా ఆడవలసిన జట్టు గట్టు మీద కూర్చుంటుంది. తెర మీద మాత్రం ఒక్క తప్పు కూడా కనిపించదు. అన్ని జట్లకూ తేడా 0 వచ్చిందంటే అనుమానించాల్సింది ఆటను కాదు, ప్రోగ్రాంను.

ఈ పొరపాటు ఎందుకు అంత సులువుగా జరుగుతుంది

కొత్త పట్టికలోకి ట్రాన్స్‌పోజ్ రాసేటప్పుడు అన్ని గళ్ళూ తిరగడమే సరైన పద్ధతి:

```
B = [[0]*n for k in range(n)]
for i in range(n):
    for j in range(n):
        B[j][i] = A[i][j]
```

ఇక్కడ A నుంచి చదువుతాం, B లో రాస్తాం. B లో 9 ఖాళీ గళ్ళున్నాయి, తొమ్మిదీ నిండాలి. సగమే తిరిగితే సగం గళ్ళు 0 గానే మిగిలిపోతాయి. ఈ పద్ధతి ముందు నేర్చుకున్నవాళ్ళు, అవే రెండు `for` లైన్లను ఉన్నచోటే మార్చే ప్రోగ్రాంలోకి తెచ్చుకుంటారు. అక్కడ ఒక్కో అడుగు ఒక గడిని నింపుతుంది. ఇక్కడ ఒక్కో అడుగు రెండు గళ్ళను సరిచేస్తుంది. అందుకే అక్కడ గళ్ళు లెక్కపెట్టాలి, ఇక్కడ జతలు లెక్కపెట్టాలి.

ఇంకో పొరపాటు కూడా దీని పక్కనే ఉంటుంది. కొందరు మార్పిడి రాయకుండా, ఉన్న పట్టికలోనే `A[i][j] = A[j][i]` అని అన్ని గళ్ళకూ రాస్తారు. అప్పుడు (0,1) లో 24 పడగానే అక్కడున్న 31 శాశ్వతంగా పోతుంది. చివరికి వచ్చేది ఇది:

```
 0  24  35
24   0  27
35  27   0
```

31, 18, 29 మాయమయ్యాయి. వికర్ణానికి పైనా కిందా ఒకే అంకెలు కనిపిస్తున్నాయి. కాబట్టి ఫలితాన్ని చూసే ఏ తప్పు జరిగిందో చెప్పవచ్చు. పాత పట్టికే వస్తే, ప్రతి జతా రెండుసార్లు మారింది. పైనా కిందా ఒకేలా ఉంటే, మార్పిడి కాదు, ఒకదాని మీద ఒకటి రాసేశారు. మొదటి తప్పులో అంకెలన్నీ భద్రంగా ఉంటాయి. రెండో తప్పులో సగం అంకెలు తిరిగి రావు.

ఏ పట్టికతో పరీక్షించాలి

సరైన ప్రోగ్రాం రాశామో లేదో చూడటానికి పిల్లలు తమకు తెలిసిన అంకెలు పెడతారు. ఉదాహరణకు కమలాపూర్, అహేరి, సిరోంచ మధ్య దూరాల పట్టిక. ఇది చూడటానికి బాగుంటుంది కానీ ఈ పనికి పనికిరాదు. ఒకే దారిలో కమలాపూర్ నుంచి అహేరి ఎంత దూరమో, అహేరి నుంచి కమలాపూర్ అంతే దూరం. అలాంటి పట్టికను తిప్పినా తిప్పకపోయినా ఒకేలా ఉంటుంది. దీన్ని సౌష్ఠవ మాత్రిక అంటారు. తప్పు ప్రోగ్రాం కూడా దీని మీద సరైన జవాబే ఇస్తుంది. అదే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎంతమంది బస్సెక్కారు అన్న పట్టిక అయితే పనికొస్తుంది. అంగడి రోజు పొద్దున వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఒకే సంఖ్యలో ఉండరు.

"రెండుసార్లు నడిపితే పాత పట్టిక రావాలి, వస్తే ప్రోగ్రాం సరైనదే" అనే పరీక్ష కూడా ఒంటరిగా చాలదు. సరైన ప్రోగ్రాం ఈ పరీక్షలో నెగ్గుతుంది, నిజమే. కానీ ఏమీ మార్చని మన తప్పు ప్రోగ్రాం కూడా నెగ్గుతుంది. ఒకసారి నడిపినా, రెండుసార్లు నడిపినా దాని దగ్గర పాత పట్టికే కదా.

అన్నిటికంటే సులువైన పరీక్ష, ఏ అంకె రెండోసారి రాని పట్టిక:

```
1 2 3
4 5 6
7 8 9
```

ఒక్కసారి నడిపాక మొదటి అడ్డు వరుసలో 1 4 7, రెండో దానిలో 2 5 8, మూడో దానిలో 3 6 9 రావాలి. 1 2 3 అలాగే ఉంటే, j ఎక్కడ మొదలవుతోందో వెళ్ళి చూడండి.

చతురస్రం కాకపోతే

ఈ జతల పద్ధతి చతురస్ర మాత్రికకే పనిచేస్తుంది. 2 అడ్డు వరుసలు, 3 నిలువు వరుసలు ఉన్న పట్టికలో `A[0][2]` ఉంది గానీ, దాని జత `A[2][0]` లేదు, మూడో అడ్డు వరుసే లేదు. పైథాన్ అక్కడ `IndexError: list index out of range` అని ఆగిపోతుంది. ట్రాన్స్‌పోజ్ చేస్తే ఆ పట్టిక 3 అడ్డు, 2 నిలువుగా ఆకారమే మారిపోవాలి. అలాంటప్పుడు పైన చూపించినట్టు కొత్త పట్టిక చేసుకోవడమే మంచిది. అయితే కొత్త పట్టికకు ఖాళీ వరుసలు చేసేటప్పుడు కొలతలు తిరగేయాలి: 3 వరుసలు, ఒక్కోదానిలో 2 గళ్ళు.

ఇంట్లో చేసి చూడండి

తొమ్మిది చిన్న చీటీల మీద 1 నుంచి 9 వరకు రాసి, నేల మీద మూడు వరుసలుగా పేర్చండి. ఒకరు గడి పేర్లు వరుసగా (0,0) నుంచి (2,2) దాకా చదవాలి, ఇంకొకరు చీటీలు మార్చాలి. చివరికి ఏమొస్తుందో మీకు తెలుసు. తర్వాత వికర్ణం పైనున్న మూడు గళ్ళే చదివి మళ్ళీ చేయండి.

అది అయ్యాక ఈ మూడు ప్రశ్నలకు జవాబులు నోట్‌బుక్‌లో రాయండి.

1. 5×5 మాత్రికను ఉన్నచోటే ట్రాన్స్‌పోజ్ చేయడానికి ఎన్ని మార్పిడులు చాలు?

2. `range(i + 1, n)` బదులు `range(i, n)` అని రాస్తే ప్రోగ్రాం చెడిపోతుందా?

3. ఒక జతను మూడుసార్లు మారిస్తే ఏమవుతుంది? వందసార్లు మారిస్తే?

జవాబులు: మొదటిదానికి 5 × 4 / 2 = 10. రెండోదానికి, చెడిపోదు, వికర్ణం మీది గళ్ళు కూడా వస్తాయి, కానీ అవి తమతో తామే మారతాయి కాబట్టి నష్టం లేదు, ఊరికే n అడుగులు ఎక్కువ. మూడోదానికి, బేసి సార్లు మారిస్తే ఒకసారి మార్చినట్టు, సరి సార్లు మారిస్తే అసలు మార్చనట్టు. మూడుసార్లు అంటే మారినట్టే, వందసార్లు అంటే పాత చోటే. మన తప్పు ప్రోగ్రాం ప్రతి జతనూ రెండుసార్లు మార్చింది, రెండు సరి సంఖ్య.